ఒకే రెండు లక్షలు, రెండు రకాల పెనాల్టీ

*సార్, నమస్కారం. నేను విశాఖపట్నంలో ప్రైవేటు ఉద్యోగిని. 2022-23 సంవత్సరానికి 8 లక్షల ఆదాయంతో రిటర్ను వేశాను. పొలం అమ్మిన డబ్బు ఎఫ్‌డీలో ఉంది. దాని మీద వచ్చిన 2 లక్షల వడ్డీ రిటర్నులో చూపించలేదు. బ్యాంకువాళ్లు టీడీఎస్ కోశారు కదా, పన్ను అయిపోయిందనుకున్నాను. 2025 మార్చి 18న అసెస్‌మెంట్ ఆర్డరు, దాంతోపాటు పెనాల్టీ నోటీసు వచ్చాయి. అదే రోజు మా బావమరిదికీ వచ్చాయి. అతనిదీ 8 లక్షల రిటర్నే, అధికారి కలిపిందీ 2 లక్షలే. కానీ నాకు 20 వేల పైన, అతనికి 83 వేల దాకా పెనాల్టీ పడొచ్చని తెలిసినవాళ్లు అంటున్నారు. ఒకే సొమ్ముకు ఇంత తేడా ఎందుకు? అతని రిటర్ను ఒక ఏజెంటు వేశాడు, ఏం రాశాడో తనకు తెలియదంటున్నాడు. మేమిద్దరం అప్పీలు చేయాలా? రెండు ఆర్డర్ల కాపీలు, అతను రాసిచ్చిన వివరాలు పంపుతున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.*
*— ఒక పాఠకుడు, విశాఖపట్నం*

ఆర్డర్లు రెండూ చదివాను. మీరు అప్పీలుకు వెళ్లనక్కర్లేదు. మీకు పెనాల్టీ మొత్తం తప్పించుకునే దారి చట్టంలోనే ఉంది. కాకపోతే దానికి ఏప్రిల్ 17 అనే గడువు ఉంది, ఆ రోజు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. మీ బావమరిదికి ఆ దారి లేదు. అయినా అతని పెనాల్టీలో కొంత భాగాన్ని న్యాయంగా తగ్గించుకునే అవకాశం కనిపిస్తోంది.

ముందు మీ ఇద్దరి పెనాల్టీ ఎలా లెక్క కడతారో చూద్దాం. ఆదాయపు పన్ను చట్టంలో 270ఎ అనే సెక్షన్ 2016 ఫైనాన్స్ చట్టంతో వచ్చింది. 2017-18 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమల్లో ఉంది. అంతకుముందు 271(1)(సి) కింద, ఎగవేయబోయిన పన్నుకు ఒక రెట్టు నుంచి మూడు రెట్ల వరకు పెనాల్టీ వేసేవారు. ఎన్ని రెట్లు వేయాలన్నది అధికారి ఇష్టం. 270ఎ ఆ వెసులుబాటు తీసేసి రెండే అంకెలు పెట్టింది. ఆదాయం తక్కువ చూపిస్తే, అంటే అండర్ రిపోర్టింగ్ అయితే, తగ్గిన ఆదాయం మీద పడే పన్నులో 50 శాతం. ఆ తగ్గుదల తప్పుడు సమాచారం ఇవ్వడం వల్ల జరిగితే, అంటే మిస్ రిపోర్టింగ్ అయితే, 200 శాతం. మధ్యలో 75 శాతమో, 100 శాతమో వేసే వీలు లేదు. మీ ఇద్దరికీ నాలుగు రెట్ల తేడా వచ్చింది అందుకే.

రెండు అంకెలూ పన్ను మీదే లెక్క కడతారు, ఆదాయం మీద కాదు. అధికారి ముందుగా రెండు లెక్కలు వేస్తారు. రిటర్నును మొదట ప్రాసెస్ చేసినప్పుడు ఖరారైన ఆదాయం మీద పన్ను ఒకటి. దానికి తగ్గించి చూపిన ఆదాయం కలిపితే వచ్చే పన్ను మరొకటి. ఆ రెండింటి తేడాయే పెనాల్టీకి ఆధారం. మీరిద్దరూ పాత పన్ను విధానంలో, 60 ఏళ్లలోపు వాళ్లే. 8 లక్షల మీద పన్ను 72,500, సెస్సుతో 75,400. 10 లక్షల మీద పన్ను 1,12,500, సెస్సుతో 1,17,000. తేడా 41,600. అందులో సగం 20,800. రెండు రెట్లయితే 83,200. మీరు విన్న అంకెలు ఇక్కడి నుంచి వచ్చినవే. ఇదే రెండు లక్షలు 10 లక్షలు దాటిన ఆదాయం ఉన్న మనిషి వదిలేసి ఉంటే, 30 శాతం స్లాబు కాబట్టి తేడా పన్ను 62,400 అయ్యేది. పెనాల్టీ కూడా 31,200 నుంచి మొదలయ్యేది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మీ ఎఫ్‌డీ వడ్డీ మీద బ్యాంకు 10 శాతం చొప్పున 20,000 టీడీఎస్ కోసింది. ఆర్డరులో అధికారి దాన్ని మీకు జమ ఇచ్చారు. అందుకే మీరు ఇప్పుడు కట్టాల్సిన పన్ను 41,600 కాదు, 21,600. కానీ పెనాల్టీ లెక్కలో ఈ 20,000 తీసివేయరు. ఆ సూత్రంలో టీడీఎస్ ప్రస్తావనే లేదు. కాబట్టి మీరు ఖజానాకు నిజంగా బాకీ పడింది 21,600 అయినా, పెనాల్టీ మాత్రం 41,600కు సగం. అంటే దాదాపు మీ బాకీ అంత. మీ బావమరిది విషయంలో ఇది ఇంకా బాధాకరంగా ఉంటుంది. అతని జీతంలో ఆఫీసువాళ్లు 10 లక్షల లెక్కన మొత్తం 1,17,000 ముందే కోసి కట్టేశారు. అంటే సరిగ్గా రిటర్ను వేసి ఉంటే అతను ఒక్క రూపాయి అదనంగా కట్టే పని లేదు. అయినా పెనాల్టీకి ఆధారం ఆ 41,600 పన్నే.

మీ సంగతి తీసుకుందాం. మీది పొరపాటని నేను నమ్ముతున్నాను. టీడీఎస్ కోస్తే పన్ను కథ ముగిసినట్టేనని మన ఇళ్లలో అనుకునేవాళ్లు ఎందరో. టీడీఎస్ అనేది ముందస్తుగా పట్టుకున్న కొంత సొమ్ము మాత్రమే. మీ స్లాబు 20 శాతం, బ్యాంకు కోసింది 10 శాతం. మిగతాది రిటర్నులో లెక్క చూపి మీరే కట్టాలి. మీరు ఆఫీసువాళ్లు ఇచ్చిన ఫారం 16 ఒక్కటి ముందు పెట్టుకుని రిటర్ను నింపారు. అందులో బ్యాంకు వడ్డీ ఉండదు. ఫారం 26ఏఎస్‌లో మాత్రం ఆ వడ్డీ, దాని టీడీఎస్ మీ పాన్ మీద బహిరంగంగా ఉన్నాయి. మీరు దాచడానికి చేసిన పని అంటూ ఏదీ లేదు. నోటీసు రాగానే బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్టు ఇచ్చి, ఒప్పుకున్నారు. ఆర్డరు చివరి పేరాలో అధికారి కూడా అండర్ రిపోర్టింగ్ అని మాత్రమే రాశారు, మిస్ రిపోర్టింగ్ అనే మాట వాడలేదు. మీకు అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే.

అయితే ఇవే రెండు లక్షలు మిస్ రిపోర్టింగ్‌లోకి జారిపోయే సందర్భాలూ ఉన్నాయి. ఉదాహరణకు మీరు బ్యాంకులో ఫారం 15జీ ఇచ్చి ఉంటే? ఆ ఫారంలో, ఈ సంవత్సరం నా మొత్తం ఆదాయం మీద పన్నే పడదు అని సంతకం చేసి చెబుతారు. 8 లక్షల జీతం ఉన్న మనిషి ఆ మాట రాసిస్తే అది అబద్ధం. అప్పుడు టీడీఎస్ కోయరు, రిటర్నులోనూ వడ్డీ లేదు. ఈ రెండూ కలిపి చూసిన అధికారి, వాస్తవాన్ని దాచారు అని రాస్తే కాదనడం చాలా కష్టం. బ్యాంకులో కౌంటరు దగ్గర 15జీ ఇచ్చేయండి, టీడీఎస్ పడదు అని ఎవరో చెప్పగానే సంతకం పెట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను. అదే విధంగా, నోటీసు వచ్చాక నాకు వేరే డిపాజిట్లేమీ లేవని జవాబిస్తే, మొదట పొరపాటైనది ఆ జవాబుతో దాపరికంగా మారుతుంది. సొమ్ము ఒకటే, సెక్షన్ ఒకటే. పెనాల్టీ 20,800 నుంచి 83,200కు వెళుతుంది.

పొరపాటుకూ తప్పుడు సమాచారానికీ మధ్య గీత ఎక్కడుందో 270ఎ లోని తొమ్మిదో ఉపసెక్షన్ చెబుతుంది. వాస్తవాలను వక్రీకరించడం లేదా దాచడం, పెట్టిన పెట్టుబడిని పుస్తకాల్లో రాయకపోవడం, ఏ రుజువూ లేని ఖర్చు చూపడం, పుస్తకాల్లో దొంగ పద్దులు రాయడం, వచ్చిన సొమ్మును పద్దు వేయకపోవడం, విదేశీ లావాదేవీల వంటి నివేదించి తీరాల్సినవాటిని నివేదించకపోవడం. ఈ ఆరింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తేనే 200 శాతం. పుస్తకాల మాట వచ్చేవి ఎక్కువగా వ్యాపారులకు. మీలాంటి, మీ బావమరిదిలాంటి జీతగాళ్ల విషయంలో ప్రశ్నంతా మొదటిదాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక మీ బావమరిది కాగితాలు. అతని రిటర్నులో రెండు లక్షల మినహాయింపులు కనిపిస్తున్నాయి. రాజకీయ పార్టీకి విరాళమని 80జీజీసీ కింద లక్ష. చదువు కోసం తీసుకున్న అప్పు మీద వడ్డీ అని 80ఇ కింద 50 వేలు. తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ప్రీమియం అని 80డి కింద 50 వేలు. ఇవేవీ ఆఫీసులో చూపలేదు, రిటర్నులోనే తగిలించారు. దాంతో 41,600 రిఫండు వచ్చింది, అందులో ఏజెంటు 5,000 తీసుకున్నాడని మీరే రాశారు.

విరాళం అతను ఇవ్వలేదు. బ్యాంకు ఖాతాలోంచి ఏ పార్టీకీ పైసా వెళ్లలేదు. చదువు అప్పు అసలు లేదు. ఏజెంటు ఏం రాశాడో తెలియదన్న మాట అధికారి ముందు నిలవదు. రిటర్ను ఎవరు టైపు చేసినా, తన ఆధార్‌కు వచ్చిన ఓటీపీతో దాన్ని ధ్రువీకరించింది మీ బావమరిదే. చట్టం దృష్టిలో ఆ రిటర్ను అతని మాట. పైగా ఆఫీసువాళ్లు సరిగ్గా కోసిన పన్నులోంచి 41,600 వెనక్కి వచ్చినప్పుడు, ఎందుకు వచ్చిందని అడగలేదు. కటువుగా అనిపించవచ్చు, కానీ ఇది అతనికి ఇప్పుడే తెలియాలి. ఆ లక్షన్నర మీద పోరాడేందుకు నాకు ఏమీ కనిపించలేదు.

ఆ మూడో 50 వేల సంగతి మాత్రం వేరు. అతని తల్లిదండ్రులిద్దరూ 60 దాటినవాళ్లు. పాలసీ నిజం, ప్రీమియం రసీదు నిజం, ఆ సంవత్సరంలో కట్టిందీ నిజమే. కాకపోతే నగదుగా కట్టాడు. 80డి కింద ప్రీమియాన్ని నగదుగా కడితే మినహాయింపు రాదు. ముందస్తు వైద్య పరీక్షల ఖర్చుకు మాత్రమే నగదు చెల్లుతుంది. అధికారి ఈ మినహాయింపును కొట్టేయడం సరైనదే. కానీ ఇందులో అబద్ధం లేదు. నిజంగా చేసిన ఖర్చుకు, నియమం తెలియక మినహాయింపు అడిగాడు. ఆర్డరులో అధికారి మూడింటినీ ఒకే గంప కింద కప్పేసి, మొత్తం రెండు లక్షలనూ మిస్ రిపోర్టింగ్ అన్నారు.

దీన్ని విడదీయమని పెనాల్టీ నోటీసుకు ఇచ్చే జవాబులో అడగాలి. లెక్క ఇలా ఉంటుంది. ఈ రెండు లక్షలూ 20 శాతం స్లాబులోనే ఉన్నాయి కాబట్టి, సెస్సుతో కలిపి నూటికి 20 రూపాయల 80 పైసలు పన్ను. ప్రీమియం 50 వేల మీద పన్ను 10,400. దానికి 50 శాతమైతే పెనాల్టీ 5,200. మిగిలిన లక్షన్నర మీద పన్ను 31,200. దానికి రెండు రెట్లు 62,400. మొత్తం 67,600. మూడింటినీ కలిపి వేస్తే పడే 83,200తో పోలిస్తే 15,600 తగ్గుతుంది. ప్రీమియం విషయంలో ఇంకో మాట కూడా అడగొచ్చు. ఆరో ఉపసెక్షన్ ప్రకారం, పన్ను చెల్లింపుదారు ఇచ్చిన వివరణ నిజాయతీగా ఉందని, దానికి సంబంధించిన వాస్తవాలన్నీ బయటపెట్టాడని అధికారికి నమ్మకం కలిగితే, ఆ మొత్తాన్ని తగ్గించి చూపిన ఆదాయంగానే పరిగణించరు. అలా ఒప్పుకుంటే ఆ 5,200 కూడా ఉండదు. రసీదు, పాలసీ కాపీ, తల్లిదండ్రుల ఆధార్ జతచేసి అడగమనండి. ఒప్పుకోవడం అధికారి చేతిలో ఉంది. ఒప్పుకోకపోయినా 50 శాతం దగ్గర ఆపమని అడిగే హక్కు అతనికి ఉంది.

ఆర్డరులో మిస్ రిపోర్టింగ్ అని ఒక్క మాట రాసేస్తే సరిపోదని ఢిల్లీ హైకోర్టు 2022లో ష్నైడర్ ఎలక్ట్రిక్ కంపెనీ కేసులో చెప్పింది. తొమ్మిదో ఉపసెక్షన్‌లోని ఏ భాగం, ఏ కారణంగా వర్తిస్తుందో చెప్పకుండా ఆ మాట వాడి పెనాల్టీ నుంచి మినహాయింపు నిరాకరించడం ఏకపక్షమని కోర్టు అంది. మీ బావమరిది ఆర్డరులో విరాళం, అప్పు గురించి కారణం స్పష్టంగా రాశారు, అక్కడ ఈ తీర్పు అక్కరకు రాదు. ప్రీమియం గురించి మాత్రం, నగదుగా కట్టినందున అనుమతించలేదు అన్న ఒక్క వాక్యమే ఉంది. నగదుగా కట్టడం వాస్తవాన్ని దాచడం ఎలా అవుతుందో ఎక్కడా లేదు. ఆ ఖాళీని జవాబులో ఎత్తి చూపాలి.

అతనికి ఇంకో హెచ్చరిక. ఇలాంటి సమయంలో రసీదు తెచ్చిపెడతామనే మనుషులు ఎదురవుతారు. వెనక తేదీ వేసిన విరాళం రసీదు ఒకటి పెడితే సమస్య పోతుందంటారు. పోదు. పార్టీ ఖాతాలో ఆ సొమ్ము జమ కాలేదని శాఖకు తెలుస్తుంది. అబద్ధపు వాంగ్మూలానికి 277 సెక్షన్ కింద జైలుశిక్ష దాకా ఉంది. ఇప్పుడున్నది డబ్బు సమస్య. దాన్ని కోర్టు సమస్యగా మార్చుకోవద్దని నా మాటగా చెప్పండి. వెనక్కి తీసుకున్న రిఫండు 41,600ను, దాని మీద పడిన వడ్డీతో సహా గడువులో కట్టేసి, పెనాల్టీ జవాబులో లక్షన్నర విషయం ఒప్పుకుని, 50 వేల విషయం వాదించమనండి. అసెస్‌మెంట్ మీద అప్పీలు చేసి అతను గెలిచేదేమీ లేదు. పెనాల్టీ ఆర్డరు వచ్చాక, అందులో 50 వేలను విడదీయకపోతే, ఆ ఆర్డరు మీద విడిగా అప్పీలు చేసుకోవచ్చు.

ఇప్పుడు మీ దారి. దాని సెక్షన్ 270ఎఎ. మిస్ రిపోర్టింగ్ ఆరోపణ లేనివాళ్లకు ఇది పెనాల్టీ నుంచి పూర్తి మినహాయింపు ఇస్తుంది, పన్ను ఎగవేత కింద ప్రాసిక్యూషన్ నుంచి కూడా. షరతులు రెండు. ఆర్డరు ప్రకారం పన్ను, వడ్డీ మొత్తాన్ని డిమాండ్ నోటీసులో ఇచ్చిన గడువులో కట్టాలి. ఆ ఆర్డరు మీద అప్పీలు చేయకూడదు. ఈ రెండూ చేసి, ఫారం 68లో దరఖాస్తు ఇవ్వాలి. షరతులు సరిపోతే అధికారి మినహాయింపు ఇవ్వాల్సిందే. మీ డిమాండ్ ఇలా ఉంది: పన్ను 21,600, ముందస్తు పన్ను కట్టనందుకు 234బి కింద 2023 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు 24 నెలలకు నెలకు ఒక శాతం వడ్డీ 5,184. మొత్తం 26,784. ఇది కడితే 20,800 పెనాల్టీ పోతుంది. ఆ వడ్డీ నిజంగా మీ ఆదాయమే కాబట్టి అప్పీలులో వాదించడానికి మీ దగ్గర ఏమీ లేదు. లేని వాదన కోసం ఈ అవకాశం వదులుకోవద్దు.

ఈ దారిలో జనం జారిపడేది గడువుల దగ్గర. ఫారం 68 ఇవ్వడానికి, ఆర్డరు అందిన నెల పూర్తయ్యాక ఒక నెల సమయం ఉంది. మీకు మార్చిలో అందింది కాబట్టి ఏప్రిల్ 30. ఆ తేదీ చూసి చాలామంది డబ్బు కూడా అప్పుడే కట్టొచ్చనుకుంటారు. డబ్బు గడువు వేరు. డిమాండ్ నోటీసు మీకు మార్చి 18న అందింది, అందులో 30 రోజులని ఉంది. అంటే ఏప్రిల్ 17. ఏప్రిల్ 25న డబ్బు కట్టి 26న ఫారం 68 ఇస్తే, ఫారం గడువులోనే ఉన్నా షరతు తప్పినట్టే.

ఫారం 68ను కూడా 17వ తేదీకి ముందే ఇవ్వమంటున్నాను. కారణం అప్పీలు గడువు. అప్పీలుకూ 30 రోజులే, అదీ ఏప్రిల్ 17తోనే అయిపోతుంది. ఏ కారణం చేతనైనా మీ దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలు చేసుకునే హక్కు మిగలాలి కదా. దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచి తిరస్కరణ ఆర్డరు అందే రోజు వరకు గడిచిన కాలాన్ని అప్పీలు గడువులో లెక్కపెట్టరు. ఏప్రిల్ 7న దరఖాస్తు ఇచ్చారనుకోండి. అప్పటికి 20 రోజులు వాడుకున్నారు, తిరస్కరణ వస్తే ఇంకో 10 రోజులు చేతిలో ఉంటాయి. ఏప్రిల్ 28న ఇస్తే, అప్పటికే 30 రోజులు అయిపోయాయి, ఆపడానికి గడువే మిగలదు. నా దగ్గరకు వచ్చిన ఒకాయన సరిగ్గా ఇలాగే చివరి రోజుల్లో ఇచ్చి, డబ్బు రెండు రోజులు ఆలస్యంగా కట్టినందుకు తిరస్కరణ తెచ్చుకున్నారు. అప్పీలు గడువూ పోయింది. ఆలస్యాన్ని మన్నించమని వేరే దరఖాస్తుతో తిరగాల్సి వచ్చింది.

డబ్బు కట్టేటప్పుడు పోర్టల్లో `Demand Payment as Regular Assessment Tax (400)` అన్నదే ఎంచుకుని, డిమాండ్ నోటీసులో ఉన్న రిఫరెన్స్ నంబరు సరిచూసుకోండి. అలవాటుకొద్దీ సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ కింద కట్టేస్తే, డబ్బు ఖజానాకు చేరినా ఈ డిమాండ్ తీరినట్టు కనపడదు. ఆ గందరగోళం తేలేలోపు 17వ తేదీ దాటిపోతుంది. చలాన్ కాపీని ఫారం 68కు జతచేసి, సమర్పించినట్టు వచ్చే రసీదు దాచుకోండి. పెనాల్టీ నోటీసుకు కూడా గడువులోపు చిన్న జవాబు ఇవ్వాలి: పన్ను, వడ్డీ కట్టాను, ఫారం 68 ఇచ్చాను, దాని మీద నిర్ణయం వచ్చేదాకా పెనాల్టీ చర్య ఆపండి అని. జవాబు ఇవ్వకుండా ఊరుకుంటే ఫారం సంగతి చూడకుండానే పెనాల్టీ ఆర్డరు వచ్చే ప్రమాదం ఉంది.

మీరు అడగని విషయం ఒకటి మీ కాగితాల్లో కనిపించింది. ఆ ఎఫ్‌డీ 2023-24లోనూ నడిచింది. ఆ సంవత్సరం రిటర్నులో కూడా మీరు ఫారం 16 ఒక్కటే చూసి ఉంటారని నా భయం. అలాగే చేసి ఉంటే ఇప్పుడే సరిదిద్దుకోండి. రివైజ్డ్ రిటర్ను గడువు 2025 జనవరి 15తో పోయింది. కానీ అప్‌డేటెడ్ రిటర్ను వేయొచ్చు. 2026 మార్చి 31 లోపు వేస్తే, కట్టాల్సిన పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతం కడితే సరిపోతుంది. ఆ సంవత్సరానికి అసెస్‌మెంట్ చర్య మొదలైతే మాత్రం ఈ వీలు పోతుంది. మొదటి ఏడాది చేసింది పొరపాటని అధికారి నమ్మవచ్చు. మార్చి 18న ఆర్డరు చేతికి అందాక కూడా రెండో ఏడాది వడ్డీ అలాగే వదిలేస్తే, అది తెలియక జరిగిందని చెప్పడం మీకే కష్టమవుతుంది. మీ బావమరిది కూడా ఏజెంటు వేసిన మిగతా సంవత్సరాల రిటర్నులు తెరిచి చూడాలి. ఏ ఏడాదిలోనైనా ఇలాంటి విరాళాలే ఉండి, ఇంకా నోటీసు రాకపోతే, అతనికీ ఇదే పని.

2024-25 రిటర్ను వేసేటప్పుడు ఫారం 16తోపాటు పోర్టల్లో మీ పాన్ మీద నమోదైన ఆదాయాల పట్టిక అయిన ఏఐఎస్ కూడా తెరిచి, బ్యాంకు వడ్డీ వరుసలన్నీ కూడి, ఆ మొత్తం మీ రిటర్నులో ఇతర ఆదాయం కింద కనిపిస్తోందో లేదో చూసుకున్నాకే ఓటీపీ కొట్టండి.